అప్‌డేట్: టూత్‌బ్రష్‌కి యూవీ బాక్స్ కొనాలా అని అడిగాను కదా

నా ప్రశ్న: "ఇంట్లో నలుగురి బ్రష్‌లూ బాత్‌రూమ్‌లో ఒకే గ్లాసులో ఉంటాయి. యూవీ బాక్స్ కొంటే మంచిదా? బ్రష్ ఎన్నాళ్లకు మార్చాలి?"

యూవీ వెలుగుతో బ్రష్ మీది క్రిములను చంపే ఆ బాక్స్ తెప్పించి పది రోజులు వాడి, తిరిగి పంపేశాను. పొద్దున ఆరింటికి తోముకుని మూత పెడితే రాత్రి తీసేసరికి కుచ్చు మొదట్లో ఇంకా తడే, వేలితో నొక్కితే నీటిచుక్క వచ్చింది. యూవీ వెలుగు పడిన చోటే పనిచేస్తుంది, కుచ్చుల మధ్య నీడలో ఉన్న క్రిములకు అది తగలదు, పైగా మూసిన తడిలో అవి ఇంకా పెరగొచ్చు. క్రిములు కొంత తగ్గుతాయి నిజమే, కానీ దానివల్ల జబ్బులు తగ్గాయనే రుజువు లేదని మా డెంటిస్ట్ కూడా చెప్పారు.

ఇప్పుడు కుళాయి కింద బాగా కడిగి, విదిలించి, కిటికీ దగ్గర స్టాండ్‌లో కుచ్చు పైకి ఉండేలా, ఒకదానికొకటి తగలకుండా నిలబెడుతున్నాం. మధ్యాహ్నానికల్లా పొడిగా ఉంటున్నాయి. క్యాపులు ప్రయాణాలకు మాత్రమే.

మార్చడం మూడు నాలుగు నెలలకోసారి, కుచ్చు విచ్చుకుంటే ఇంకా ముందే. నాది రెండు నెలలకే పక్కలకు వాలిపోయింది, అంటే గట్టిగా రుద్దుతున్నానన్నమాట. అది మార్చేసి, ఈసారి సాఫ్ట్ బ్రష్ తీసుకుని పిడి మీద మార్కర్‌తో తేదీ రాసుకున్నాను.