ఎదుట ఎవరూ లేని వీడియో ఇంటర్వ్యూ: కృతజ్ఞతల మెయిల్ ఎవరికి రాయాలి?

నమస్కారం. మాది హనుమకొండ. హైదరాబాద్‌లోని ఒక సంస్థలో అకౌంట్స్ ఉద్యోగం కోసం నిన్న సాయంత్రం రికార్డింగ్ ఇంటర్వ్యూ ఇచ్చాను. తెర మీద ప్రశ్న కనిపిస్తుంది; ఆలోచించుకోవడానికి 30 సెకన్లు, జవాబు చెప్పడానికి 2 నిమిషాలు. అలా ఐదు ప్రశ్నలు. అవతల మనిషి లేరు. చివరికి జవాబులు అందాయన్న ఒక్క వాక్యం కనిపించింది, అంతే.

ఎదురుగా కూర్చొని మాట్లాడి ఉంటే పేరుపెట్టి ధన్యవాదాలు చెప్పేదాన్ని. ఇక్కడ లింకు వచ్చిన చిరునామా `noreply` అని మొదలవుతోంది. దానికి రాస్తే ఎవరూ చదవరని అనుకుంటున్నాను. అయితే అంతకుముందు వారం నా దరఖాస్తు గురించి ఫోను చేసిన హెచ్‌ఆర్ మేడమ్ మెయిల్ నా దగ్గర ఉంది. ఆమెకు రాయడం సబబేనా? ఆమె నా వీడియో చూశారో లేదో తెలియదు కాబట్టి "మీతో మాట్లాడటం సంతోషం" అని రాయలేను, అది అబద్ధమవుతుంది. ఇలా రాసుకున్నాను:

"మేడమ్, వీడియో ఇంటర్వ్యూ మొన్న పూర్తి చేశాను. అవకాశం ఇచ్చినందుకు, నా జవాబులు చూడబోయేవారికి కృతజ్ఞతలు. జీఎస్టీ లెక్కల సరిచూపు గురించిన ప్రశ్న నాకు బాగా నచ్చింది; ప్రస్తుతం నేను నెలనెలా చేస్తున్న పని అదే."

నాలుగో ప్రశ్నకు నా జవాబు మధ్యలోనే సమయం అయిపోయింది. మిగిలిన మాటను ఈ మెయిల్‌లో ఒక్క వాక్యంగా చేర్చవచ్చా, లేక జవాబు దిద్దుకుంటున్నట్టు ఉంటుందా? ఇలాంటి వీడియోలు చూసి మనుషులను ఎంపిక చేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. రేపు ఉదయం పంపాలనుకుంటున్నాను.