నోట్స్ చదివి రికార్డ్ చేశా, బస్సులో వింటే ఒక్క ముక్క బుర్రకెక్కట్లేదు

చైత్ర_కె: ముఖ్యమైన పాయింట్లన్నీ ఏరి రాసుకుని, నా గొంతుతోనే ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నా. బస్సులో వింటుంటే కాసేపటికే అన్నీ కలగాపులగం. సాయంత్రం నుంచి తిరగరాస్తూనే ఉన్నా, మార్పు లేదు. వినడానికి పనికొచ్చేలా స్క్రిప్ట్ ఎలా రాయాలి? విసుగొచ్చేసింది.

మైకు_మావయ్య: ముందు రికార్డింగ్ సంగతి చూడమ్మా. ఫోన్ నోటికి ఎదురుగా పెడితే ప, బ లు టపటపమంటాయి, కాస్త పక్కకు పెట్టు. మాట ఒక్కటే కాబట్టి మోనో చాలు. బస్సు రొదను దాటాలని సౌండ్ పెంచుకుంటూ పోకు, చెవులు పోతాయి. బయటి చప్పుడు ఆపే ఇయర్‌ఫోన్లు వాడు.

తాబేలు22: ఏ సబ్జెక్టు? రాసిందేదో ఇక్కడ పెట్టు.

చైత్ర_కె: ఫార్మకాలజీ, డైయూరెటిక్స్, అంటే మూత్రం ఎక్కువగా పోయించే మందులు. నోట్స్ అంటే పట్టికే కదా, అందరికీ అలాగే ఉంటుంది! ఇదీ స్క్రిప్ట్: "లూప్: ఫ్యూరోసెమైడ్, థిక్ అసెండింగ్ లింబ్, హైపోకలీమియా, హైపోకాల్సీమియా. థయజైడ్: డిస్టల్ ట్యూబ్యూల్, హైపోకలీమియా, హైపర్‌కాల్సీమియా. స్పైరనోలాక్టోన్: కలెక్టింగ్ డక్ట్, హైపర్‌కలీమియా."

తాబేలు22: అది స్క్రిప్ట్ కాదు. పట్టికను పైకి చదివావు.

సుభద్ర: తాబేలు గారు కటువుగా అన్నా నిజమే. పట్టికలో కన్ను వెనక్కి వెళ్లి పై గడి చూసుకోగలదు, చెవికి ఆ వీలు లేదు. పైగా హైపో, హైపర్ మధ్య తేడా చివరి చిన్న శబ్దమే, కలీమియాకీ కాల్సీమియాకీ తేడా కూడా అంతంతే. బస్సు గేరు మారిస్తే అది కాస్తా ఆ చప్పుడులో కలిసిపోతుంది. అందుకని "పొటాషియం పడిపోతుంది" అని మామూలుగా చెప్పు, పరీక్షలో రాయాల్సిన పేరు వెనకాలే ఒక్కసారి అను. "ఇది", "దానివల్ల" వద్దు, ప్రతిసారీ మందు పేరే అను. వరుస కూడా మూత్రం ప్రయాణించే దారినే పెట్టు:

"హెన్లీ లూప్‌లో పైకెక్కే మందపాటి భాగం దగ్గర ఉన్నాం. ఇక్కడ పనిచేసేది ఫ్యూరోసెమైడ్. ఫ్యూరోసెమైడ్ ఇస్తే పొటాషియం పోతుంది. కాల్షియం కూడా పోతుంది. ముందుకు వెళ్తే డిస్టల్ ట్యూబ్యూల్. ఇక్కడ థయజైడ్. థయజైడ్ ఇచ్చినా పొటాషియం పోతుంది. కాల్షియం మాత్రం ఒంట్లో నిలుస్తుంది. ఇప్పుడు నువ్వు చెప్పు: రెండింటిలో కాల్షియాన్ని నిలిపేది ఏది?"

ఇక్కడ నాలుగు సెకన్లు ఏమీ మాట్లాడకు. ఆ తర్వాత "థయజైడ్" అని చెప్పి, కలెక్టింగ్ డక్ట్‌కి, స్పైరనోలాక్టోన్‌కి వెళ్లు. అక్కడ పొటాషియం నిలిచిపోతుంది, ముందు రెండింటికీ వ్యతిరేకం అని నోటితో అను. పట్టికలో ఆ వ్యతిరేకత దానంతటదే కనిపిస్తుంది, వినేటప్పుడు ఎవరో చెప్పాలి.

వేగం_వీరయ్య: ఇంత సాగదీస్తే ఎప్పటికి అవుతుంది? 1.5 వేగంలో పెట్టుకుంటే అదే టైంలో ఎక్కువసార్లు వినొచ్చు. నేనంతే చేస్తా.

సుభద్ర: బాగా తెలిసిన భాగానికి పర్వాలేదు వీరయ్య గారూ. కానీ వేగం పెంచితే ఖాళీ కూడా కుదించుకుపోతుంది, నాలుగు సెకన్లు మూడుకన్నా తక్కువైపోతాయి. జవాబు గుర్తొచ్చేలోపే వినబడిపోతే తెలిసిందే అనుకుంటాం, పరీక్షలో రాదు. ముందే ఆరు సెకన్లు వదిలి రికార్డ్ చేస్తే మీ పద్ధతి నడుస్తుంది.

లా_రెండో_ఏడు: నేను బైక్ మీద వెళ్తా. సెక్షన్ నంబర్లు ఇలాగే చేసుకోవచ్చా?

తాబేలు22: బండి నడుపుతూ ప్రశ్నలకు జవాబులు వెతకొద్దు. దిగాక విను.

సుభద్ర: నంబర్ల గుంపు చెవికి నిలవదు. మా దగ్గర డోసులూ అంతే, వాటిని కాగితానికే వదిలేయాలి చైత్రా. బొమ్మలూ అంతే.

తాబేలు22: ఒక ఫైలుకి ఒకటే మందు పెట్టు. రానిది మాత్రమే మళ్లీ వినొచ్చు.

సుభద్ర: విడదీస్తే పోల్చే ప్రశ్న ఎక్కడ పెడతారండీ? చిక్కంతా ఫ్యూరోసెమైడ్, థయజైడ్ పక్కపక్కన ఉన్నప్పుడే కదా.

తాబేలు22: పోలికలకి వేరే ఫైలు.

సుభద్ర: అప్పుడు ముందు వాటిని విడిగా వింటూనే ఉంటుంది, పోలికల దాకా రాదు.

మైకు_మావయ్య: ఖాళీ కోసం రికార్డింగ్ ఆపి మళ్లీ మొదలెట్టకు తల్లీ, కలిపేటప్పుడు అతుకు దగ్గర టక్‌మంటుంది. నడుస్తుండగానే మౌనంగా ఉండు. ఇయర్‌ఫోన్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

చైత్ర_కె: థాంక్స్ అక్కా, కాల్షియం ముక్క వరకు మళ్లీ రాశా. అసిటజోలమైడ్ వదిలేశాం, అది ఎక్కడ పెట్టను?

సుభద్ర: ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ కదా, ఫ్యూరోసెమైడ్ కంటే ముందు. మొదటి వాక్యం మార్చుకో.