సంక్రాంతి సంబరాలు: సీసీ కెమెరాలకి ఎన్ని ఆంప్స్ అడాప్టర్ కొనాలి?

సుధ (హాల్ ఏర్పాట్లు)
అందరికీ నమస్తే. జనవరికి హాల్ ఖాయమైంది. పోయినేడాది లాగే నాలుగు సీసీ కెమెరాలు పెడదాం: రిజిస్ట్రేషన్ టేబుల్, పిల్లల ఆటల గది, కోట్లు తగిలించే చోటు, బయట కార్ పార్క్. పోయినసారి ఏమైందో గుర్తుందిగా? మధ్యాహ్నమంతా బాగానే ఉన్నాయి. సాయంత్రం నాలుగున్నరకి, సరిగ్గా భోగిపళ్లు పోసే టైముకి, నాలుగూ ఆరిపోవడం, మళ్లీ రావడం, మళ్లీ ఆరిపోవడం. ఉన్నది కిట్‌తో వచ్చిన 12 వోల్టులు, 2 ఆంప్స్ అడాప్టర్. దాని చివర ఒక పిన్ను నాలుగుగా చీలే స్ప్లిటర్ కేబుల్. 5 ఆంప్స్‌ది కొనేద్దామా?

కిరణ్
5 వద్దక్కా, కెమెరాలు మాడిపోతాయి. ఒక్కో కెమెరా మీద 400 మిల్లీఆంప్స్ అని రాసుంది, నేను చూశాను. నాలుగింటికి 1.6. మన 2 ఆంప్స్‌ది లెక్క ప్రకారం చాలు. అదే పాడై ఉంటుంది, అలాంటిదే ఇంకోటి తెస్తే అయిపోతుంది.

ప్రసాద్
కిరణ్, కూడిక మంచిదే, భయమే అనవసరం. ఆంప్స్ అంటే అడాప్టర్ ఎంత వరకు ఇవ్వగలదు అని. ట్యాంకులో ఎన్ని నీళ్లున్నా నువ్వు తిప్పినంతే కుళాయిలోంచి వస్తాయి కదా. కెమెరాకి 400 కావాలంటే 400 మాత్రమే లాగుతుంది, మిగతాది అడాప్టర్ దగ్గరే ఉంటుంది. మాడేది వోల్టులు ఎక్కువైతే, లేదా ప్లస్ మైనస్ తారుమారైతే.

సుధ గారూ, రెండు విషయాలు చెప్పండి. నాలుగు కెమెరాల లేబుళ్లూ ఒకటేనా? ఆరినప్పుడు నాలుగూ ఒకేసారి ఆరాయా, లేక ఒక్కొక్కటిగానా?

సుధ
ఒకేసారి. టీవీలో నాలుగు గడులూ ఒక్కసారే నల్లబడ్డాయి. లేబుళ్లు ఇప్పుడే అటక మీంచి పెట్టె దింపి చూశాను. లోపల పెట్టే మూడూ 400 మిల్లీఆంప్స్. కార్ పార్క్‌ది పెద్దది, తర్వాత విడిగా కొన్నాం. దాని మీద 1 ఆంప్ అని ఉంది.

ప్రసాద్
దొరికింది. మూడు చిన్నవి 1.2, పెద్దది 1, మొత్తం 2.2. ఉన్నది 2. లేబుల్ మీద రాసేది సాధారణంగా, చీకట్లో చూడ్డానికి కెమెరాలో ఉండే ఐఆర్ లైట్లు వెలిగినప్పటి లెక్క. పగలు అవి వెలగవు కాబట్టి కెమెరాలు అందులో చిన్న భాగమే లాగుతాయి, అందుకే మధ్యాహ్నం ఏ గొడవా లేదు. ఈ దేశంలో జనవరిలో నాలుగున్నరకే చీకటి. ఐఆర్ వెలగ్గానే బరువు పెరిగి, అడాప్టర్ తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. వెంటనే మళ్లీ కరెంటు ఇస్తుంది, కెమెరాలు లేస్తాయి, ఐఆర్ వెలుగుతుంది, మళ్లీ కథ మొదటికి.

మొత్తం మీద పాతిక శాతం కలుపుకుంటే 2.75. అంటే 3 ఆంప్స్‌ది చాలు. 5 ఉంటే చల్లగా పనిచేస్తుంది. నా దగ్గర 5 ఆంప్స్‌ది ఒకటుంది, ముందు దాంతో చూడండి. కొనడం తర్వాత.

వెంకటేశ్వర్లు
ప్రసాద్ గారూ, నేను స్టేజ్ వీడియో తీస్తున్నా. నా కెమెరా బ్యాటరీ గంటన్నర కూడా రావట్లేదు. బ్యాటరీ బదులు పెట్టి కరెంటుకి తగిలించే డమ్మీ బ్యాటరీకి కూడా అదే గుండ్రటి పిన్ను. స్ప్లిటర్‌లో ఒక కొస ఖాళీగా ఉంటే నాకిస్తారా?

ప్రసాద్
వద్దండీ. పిన్ను పట్టినంత మాత్రాన వోల్టులు ఒకటి కావు. మీ డమ్మీ బ్యాటరీ అడాప్టర్ మీద ఒకసారి చూడండి, 8 చిల్లర ఉంటుంది. 12 ఇస్తే కెమెరా పోవచ్చు. మీ అడాప్టర్ మీరు వాడుకోండి, స్టేజ్ పక్కన ప్లగ్ ఉంది.

వెంకటేశ్వర్లు
8.4 అని ఉంది. బతికించారు.

కిరణ్
నా దగ్గర ఇంకో స్ప్లిటర్ కూడా ఉంది. ఇంట్లో పెట్టి చూశా. పిన్ను లోపలికి పోతుంది కానీ వదులుగా ఉంది, వైరు కొంచెం కదిపితే కెమెరా రీస్టార్ట్ అవుతోంది.

ప్రసాద్
అది 2.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్నది అయ్యుంటుంది. కెమెరాలకి మామూలుగా 2.1. బయట కొలత రెండింటికీ 5.5 కాబట్టి చూడ్డానికి తేడా తెలీదు. దాన్ని పక్కన పడెయ్. ఇంకో మాట: ఒక స్ప్లిటర్ చివర ఇంకో స్ప్లిటర్ తగిలించొద్దు. మొదటి పిన్ను మీదే మొత్తం బరువు పడి అక్కడ వేడెక్కుతుంది.

సుధ
ప్రసాద్ గారి 5 ఆంప్స్ అడాప్టర్‌తో ఇంట్లో అంతా పరిచి చూశాం. కెమెరాల మీద నల్ల గుడ్డ కప్పి చీకటి చేశాం. లోపలి మూడూ రెండు గంటలు కదలకుండా పనిచేశాయి. కార్ పార్క్‌ది మాత్రం ఇంకా టక్ టక్ మంటూ రీస్టార్ట్ అవుతోంది! మరి 5 కూడా చాలలేదా? 8 తేవాలా?

ప్రసాద్
అన్నీ కలిసి ఆరితే అడాప్టర్, ఒక్కటే ఆరితే దాని కేబుల్. కార్ పార్క్ కెమెరా వైరు ఎంత పొడవు? మల్టీమీటర్ ఉంటే ఆ చివర, కెమెరా పిన్ను దగ్గర, వోల్టులు చూడండి.

సుధ
20 మీటర్లు. మా ఆయన కొలిచారు: గుడ్డ తీస్తే 11.5, కప్పితే 9.9, అంతలోనే ఆరిపోతోంది. అడాప్టర్ దగ్గర మాత్రం 12 అలాగే ఉంది.

ప్రసాద్
వైరు సన్నం. పోనూ రానూ 40 మీటర్ల రాగి, దాదాపు 2 ఓమ్‌లు. 1 ఆంప్ లాగితే 2 వోల్టులు వైరులోనే పోతాయి. 8 కాదు, 20 ఆంప్స్ అడాప్టర్ తెచ్చినా ఇదే. మీరు స్ప్లిటర్‌ని అడాప్టర్ పక్కనే పెట్టడం మాత్రం మంచి పని చేశారు. కేబుల్ ఆదా అని అదే 20 మీటర్ల వైరు చివర నాలుగింటినీ చీల్చి ఉంటే, 2.2 ఆంప్స్ దాంట్లోంచే వెళ్లాలి, అంటే నాలుగు వోల్టులకి పైగా పోయేవి. ఏ కెమెరా లేచేది కాదు.

రెండు దారులు. ఒకటి, 1 చదరపు మిల్లీమీటరు వైరు వేస్తే కెమెరా దగ్గర 11.3 వరకు నిలుస్తుంది. రెండోది నాకు నచ్చింది: కార్ పార్క్ తలుపు లోపలి ప్లగ్‌లో పెద్ద కెమెరాకి విడిగా చిన్న అడాప్టర్. అప్పుడు మిగిలిన మూడూ 1.2 ఆంప్సే. పాత 2 ఆంప్స్‌ది హాయిగా లాగుతుంది, కొత్తది కొననే అక్కర్లేదు. ఒక అడాప్టర్ పోయినా నాలుగూ ఆరిపోవు. బయట ఉండే పిన్ను జాయింట్ మాత్రం వాన తగలకుండా మూత డబ్బాలో పెట్టాలి.

కిరణ్
నాకైతే లావు వైరే నయం అనిపిస్తోంది. హాల్‌వాళ్లు ప్రతి అడాప్టర్‌కీ భద్రత పరీక్ష చేయించినట్టు పాట్ టెస్ట్ స్టిక్కర్ అడుగుతున్నారు. ఒకటుంటే ఒక స్టిక్కర్‌తో పోతుంది.

మాధవి (వంటలు)
ఆగండాగండి. ఆ తలుపు పక్క ప్లగ్ నాది! టీ బాయిలర్ అక్కడే పెడతాం, 3 కిలోవాట్లది. దానికి ఆ ప్లగ్ మొత్తం కావాలి. ఎక్స్‌టెన్షన్ పెట్టి పంచుకుందాం అనకండి, పోయినసారి దసరాకి అలా చేసే ఫ్యూజు పోయింది, చలిలో మూడొందల మందికి టీ లేదు.

ప్రసాద్
అనను మాధవి గారూ, బాయిలర్‌తో ఎక్స్‌టెన్షన్ అస్సలు పెట్టకూడదు. నాకు తెలీదు అది డబుల్ సాకెటో సింగిలో. డబుల్ అయితే అడాప్టర్ లాగేది పెద్ద లెక్కలోకి రాదు.

సుధ
కేర్‌టేకర్‌కి మెసేజ్ పెట్టాను, ఫోటో తీసి పంపుతానన్నాడు. సింగిల్ అయితే కిరణ్ చెప్పిన లావు వైరు, 3 ఆంప్స్ అడాప్టర్. కిరణ్, 25 మీటర్లకి ధర కనుక్కుని ఉంచు, ఇప్పుడే కొనకు.