లండన్ కంపెనీ పేరుతో వచ్చిన మొదటి మెయిల్: రేటు పంపాలా, ఆగాలా?

స్రవంతి (కొత్తవాడ, వరంగల్)
అందరికీ నమస్తే. మా నాన్న, బాబాయి కొత్తవాడలో జంపఖానాలు నేయిస్తరు, 14 మగ్గాలు. పోయినేడు ఎగుమతికి కావాల్సిన ఐఈసీ నంబరు తీసుకున్నం గానీ ఇప్పటిదాకా దేశం దాటి ఒక్క పీసు పోలే. మొన్న సోమవారం లండన్ నుంచి మెయిల్ వచ్చింది. అక్కడ పేరున్న ఇంటి సామాన్ల కంపెనీ, పేరు ఇక్కడ రాయను. పర్చేజ్ మేనేజర్ పేరుతో ఉంది. 4x6 సైజు 1,200 పీసులు, ఫెలిక్స్‌టో రేవు దాకా సరుకు ధర, ఇన్సూరెన్స్, ఓడ కిరాయి అన్నీ కలిపి సీఐఎఫ్ రేటు చెప్పమన్నడు. సరుకు అందినంక 30 రోజులకు డబ్బులు. ఒక ఫారం నింపి, దాంతోపాటు ఐఈసీ కాపీ, లెటర్‌హెడ్ మీద సంతకంతో కొటేషన్, క్యాన్సిల్ చేసిన చెక్కు కూడా రెండు రోజుల్ల పంపాలట.

నాన్నకు నిద్ర పడుతలేదు, ఆలస్యం చేస్తే వేరేటోళ్లకు పోతదని. నాకేమో ఎక్కడో అనుమానం. రేటు పంపేముందు ఏం చూడాలె?

అదే వారం ఇంకో మెయిల్ కూడా వచ్చింది, జీమెయిల్ అడ్రసు నుంచి. 40 పీసులే, ఇంగ్లీషు కూడా ఆగమాగం. దాన్ని పక్కన పెట్టిన.

శ్రీకాంత్ (నిజామాబాద్)
చెల్లె, దీనికి ఇంత టెన్షన్ ఎందుకు. బ్రిటన్ కంపెనీ అయితే `Companies House` సైట్‌ల పేరు కొట్టు, ఫ్రీగనే చూపిస్తది. ఎప్పుడు పెట్టిండ్రు, డైరెక్టర్లు ఎవరు, లెక్కలు టైముకు ఇస్తున్నరా, అన్నీ ఉంటయి. తర్వాత జీమెయిల్‌ల ఆ మెయిల్ తెరిచి మూడు చుక్కల కాడ `Show original` నొక్కు. `SPF: PASS` అని ఉంటే మెయిల్ ఒరిజినల్. రెండూ సరిపోతే రేటు పంపెయ్. నేను పసుపుకు గట్లనే చేస్త.

యాకూబ్ (ఎనుమాముల)
అమ్మా, రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం కట్టకు. నేను కట్టి మునిగిన. మూడేండ్ల కింద ఆఫ్రికా నుంచి చపాటా మిర్చి రెండు కంటైనర్లు కావాలని వచ్చింది, అక్కడి ప్రభుత్వ టెండర్ అన్నడు. నేను చెప్పిన రేటుకు ఒక్క మాట ఎదురు చెప్పలే. మన మార్కెట్ల క్వింటాల్‌కు యాభై రూపాయల కోసం గంట సేపు కొట్లాడేటోళ్లను రోజూ చూస్తున్నోన్ని, బేరం ఆడని బేరగాన్ని చూసి నాకు అప్పుడే సమజ్ కావాల్సిండె. కాలే. టెండర్ల పేరెక్కాలంటే ఫీజు అన్నడు, 45,000 పంపిన. మళ్ల వకీలు ఖర్చు అన్నడు. అప్పుడు ఆపిన.

స్రవంతి
యాకూబ్ చిచ్చా, వీళ్లు ఫీజు అడుగలేదు, ఒక్క పైసా కూడా. అందుకే నాన్న నమ్ముతుండు.

శ్రీకాంత్ అన్నా, నువ్వు చెప్పినట్టే చూసిన. కంపెనీ ఉంది, పాతది, లెక్కలు కూడా టైముకు ఇస్తుండ్రు. `SPF: PASS` ఉంది. అయితే పంపెయ్యాల్నా?

సదానందం (హనుమకొండ)
ఆగమ్మా. నేను బ్యాంకులో విదేశీ మారకం విభాగంలో చాలా ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను. ఇలాంటి కాగితాలు బాగానే చూశాను.

శ్రీకాంత్ చెప్పింది తప్పు కాదు, సగం. ఒకాయన మీ గుమ్మం ముందుకొచ్చి కలెక్టరాఫీసు నుంచి వచ్చానన్నాడనుకో. కలెక్టరాఫీసు ఉందా అంటే ఉంది. ఆయన అక్కడివాడేనా అన్నది వేరే సంగతి. `Companies House` మొదటి దానికే జవాబు చెబుతుంది. పేరున్న కంపెనీ పేరు వాడుకునేవాడికి నువ్వు ఆ పేరు వెతకడమే కావాలి. వెతికితే అంతా బంగారంలా కనిపిస్తుంది.

`SPF: PASS` కూడా అంతే. `Return-Path` అనే వరుసలో `@` తర్వాత ఏ పేరుంటే ఆ డొమైన్ ఒప్పుకున్న సర్వర్ నుంచే మెయిల్ వచ్చిందని దాని అర్థం. ఆ డొమైన్ కంపెనీదేనని కాదు. నేను ఇవాళ కంపెనీ పేరు చివర ఒక గీత, ఒక మాట తగిలించి కొత్త డొమైన్ కొంటే, నా మెయిల్‌కూ `PASS` వస్తుంది.

అందుకని మూడు పనులు చెయ్యి. మెయిల్ అడ్రసులో `@` తర్వాత ఉన్నదాన్ని, కంపెనీ అసలు వెబ్‌సైట్ పేరును పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడు. ఆ వెబ్‌సైట్‌ను మెయిల్‌లో ఇచ్చిన లింకు నొక్కి కాదు, నువ్వే వెతికి తెరువు. `Show original` పేజీలోనే `Reply-To` అనే వరుస ఉందేమో చూడు, అందులో వేరే అడ్రసు ఉంటే చెప్పు. తర్వాత `lookup.icann.org`లో ఆ మెయిల్ డొమైన్ కొట్టి, `Created` అన్నచోట ఏ తేదీ ఉందో చూడు. (`.com` పేర్లు అందులో దొరుకుతాయి.)

అంతవరకు ఫారం నింపకు. క్యాన్సిల్ చేసిన చెక్కు అసలు వద్దు, కొటేషన్‌కు దానితో పనేముంది? ఐఈసీ కాపీ కూడా ఇప్పుడే వద్దు. ఇప్పుడు ఐఈసీ నంబరూ పాన్ నంబరూ ఒకటే కదా, అది ఇస్తే పాన్ ఇచ్చినట్టే. సంతకం పెట్టిన లెటర్‌హెడ్ చేతికి దొరికితే రేపు మీ పేరుతోనే ఇంకొకరికి కొటేషన్ పోవచ్చు.

స్రవంతి
సార్, చూసిన. కంపెనీ సైట్ `.co.uk`తో అయిపోతది. మెయిల్ డొమైన్ మాత్రం అదే పేరు, తర్వాత గీత, తర్వాత `purchasing`, చివర `.com`. `Created` తేదీ మెయిల్ రావడానికి 19 రోజుల ముందుది. `Reply-To` ఏం లేదు.

నాన్నకు చూపిస్తే, "పెద్ద కంపెనీ, పర్చేజింగ్‌కు వేరేగా పెట్టుకున్నరేమో" అంటుండు. అది కూడా కావచ్చు కదా?

సదానందం
కావచ్చు, అందుకే ఫోన్ చెయ్యాలి. కంపెనీ అసలు సైట్‌లో ఉన్న నంబరుకు చెయ్యి, మెయిల్ కింద ఉన్న నంబరుకు కాదు. అది ఎత్తేది ఎటూ మెయిల్ రాసినవాడే. మధ్యాహ్నం మూడు దాటాక చేస్తే అక్కడ ఆఫీసు తెరిచి ఉంటుంది. అక్కడ ఒక మెళకువ ఉంది. "ఫలానా ఆయన మీ దగ్గర ఉన్నాడా" అని మాత్రం అడిగి ఊరుకోకు. ఉన్నాడనే అంటారు, ఎందుకంటే ఇలాంటివాళ్లు నిజంగా పనిచేసే ఉద్యోగి పేరే వాడతారు. "ఈ డొమైన్ మీదేనా, ఈ మెయిల్ మీరు పంపారా" అని అడుగు.

ఒకవేళ అబద్ధమైతే ఇందులో ఫీజు ఎందుకు లేదో కూడా చెప్తాను, యాకూబ్ గారూ వినండి. వాళ్లకు డబ్బు వద్దు, సరుకు కావాలి. 30 రోజుల అప్పు మీద 1,200 పీసులు తెప్పించుకుంటారు. ఓడ బయల్దేరాక "గోదాం మారింది, ఈ అడ్రసుకు దించండి" అని మెయిల్ వస్తుంది. నెల తర్వాత నువ్వు బిల్లు పట్టుకుని అసలు కంపెనీని అడిగితే, మేం ఆర్డరే ఇవ్వలేదంటారు. వాళ్లు చెప్పేది నిజమే, వాళ్లు బాకీయే పడలేదు.

శ్రీకాంత్
సార్, అంత దూరం ఎందుకు, ఎగుమతి పైసలు రాకపోతే ఆదుకునే ఈసీజీసీ ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుంటే అయిపాయె కదా? లేదంటే పైసలకు వాళ్ల బ్యాంకే హామీ ఇచ్చే ఎల్సీ అడిగితే సరి.

సదానందం
ఈసీజీసీ మంచిదే, కొనుగోలుదారు డబ్బు ఎగ్గొడితే పనికొస్తుంది. ఇక్కడ కొనుగోలుదారు ఎవరో తేలనే లేదు. అసలు కంపెనీ పేరు మీద లిమిట్ తీసుకుని సరుకు ఇంకొకడికి పంపితే, క్లెయిమ్ దగ్గర ఏం చెప్తావు?

ఎల్సీ అడగడం మంచి మాటే. అయితే అది నీ బ్యాంకుకు, బ్యాంకుల మధ్య నడిచే స్విఫ్ట్ మెసేజ్‌లో రావాలి. మెయిల్‌కు తగిలించి పంపిన పీడీఎఫ్ ఎల్సీ కాదు. అడగ్గానే కొందరు మాయమైపోతారు, అదీ ఒక జవాబే.

యాకూబ్
గీ జీమెయిల్ 40 పీసుల సంగతి ఏంది? నాకు పంపినోడు కూడా జీమెయిలే.

స్రవంతి
అది స్కాట్లాండ్‌ల ఏదో చిన్న ఊరు చిచ్చా, ఒకామె దుకాణమట. హైదరాబాద్‌ల ఒక ఎగ్జిబిషన్‌ల మన జంపఖానా కొన్నదట. ఉతికితే ఎరుపు రంగు తెలుపు మీదికి పాకిందని ఫోటో పెట్టింది. రంగు దిగకుంట చేస్తరా, 4x6 బరువు ఎంత, అంచు పోగులు కుట్టకుండా ముడివేస్తరా అని అడిగింది. రెండు సైజులు, 20-20. `Companies House`ల ఆమె దుకాణం పేరు కొడితే ఏం రాలే, అందుకే వదిలేసిన.

సదానందం
అమ్మా, నువ్వు వదిలేయాల్సింది అది కాదు!

బ్రిటన్‌లో సొంతంగా దుకాణం నడుపుకునేవాళ్లు కంపెనీ పెట్టకపోతే ఆ సైట్‌లో కనబడరు. లేకపోవడం తప్పు కాదు. ఆమె దుకాణానికి సైట్ ఉందా, సోషల్ మీడియాలో ఎన్నేళ్ల నుంచి ఫోటోలు పెడుతోంది, వీధి మ్యాప్‌లో ఆ బోర్డు కనబడుతోందా చూడు. అంతకన్నా ముందు ఆమె అడిగిన ప్రశ్నలు చూడు. రంగు దిగడం, బరువు, అంచు ముడి, ఇవి జంపఖానా చేత్తో పట్టుకున్నవాళ్లు అడిగేవి. లండన్ మెయిల్‌లో బరువు గురించి, రంగు గురించి ఒక్క మాటైనా ఉందా?

ఎంత చెక్ చెయ్యాలన్నది నువ్వు ఏం పణం పెడుతున్నావో దాన్ని బట్టి. 40 పీసులకు సగం అడ్వాన్సు, మిగతాది సరుకు బయల్దేరకముందు అడిగితే, ఆమె గురించి ఇంత కూపీ లాగక్కర్లేదు. వెంటనే రేటు ఇవ్వొచ్చు. ఒక్కో పీసు రేటు వరంగల్‌లో ఇంత, పంపే ఖర్చు వేరే, ఈ రేటు 30 రోజుల వరకే అని రాయి. బిల్లు ఎవరి పేరు మీద, ఏ అడ్రసుకు, ఎప్పటికి కావాలి, ఈ మూడూ అడుగు. రంగు విషయంలో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు. తడి తెల్లగుడ్డతో రుద్ది చూసి, ఏ రంగు దిగుతుందో ఆ రంగు పేరు రాయి.

శ్రీకాంత్
శాంపిల్ ఫ్రీగ పంపాలె మరి. మొదటి గిరాకీ కదా.

యాకూబ్
ఎందుకు ఫ్రీ? కొరియర్ పైసలన్న వాళ్లు పెట్టుకోవాలె. ఫ్రీ అంటే పది ఊర్ల నుంచి అడుగుతరు.

సదానందం
శాంపిల్ మనది, కొరియర్ వాళ్లది అని నా అలవాటు. కానీ పసుపు పావు కిలో పంపేవాళ్ల లెక్క వేరు, శ్రీకాంత్ మాట కొట్టిపారేయను.

స్రవంతి
అప్‌డేట్. నిన్న సాయంత్రం 4 గంటలకు లండన్ ఆఫీసుకు ఫోన్ చేసిన. ఆ పేరు ఆయన ఉన్నడట, పర్చేజ్‌లనే, లీవ్‌ల ఉన్నడు. నాన్న పక్కనుంచి "చూసినవా, ఉన్నడు" అంటుండు. డొమైన్ అక్షరాలు ఒక్కొక్కటి చదివి వినిపించిన. ఆమె ఎవరినో అడిగొచ్చి, అది తమది కాదు, ఇంతకుముందు కూడా ఇంకొకరు ఫోన్ చేసిండ్రు అన్నది. ఆ మెయిల్ వాళ్లకు ఫార్వర్డ్ చేయమన్నది, చేసిన.

నాన్న రాత్రి ఏం మాట్లాడలే. పొద్దున లేచి ఎర్రనూలు జంపఖానా ఒకటి బకెట్ల నానబెట్టిండు. స్కాట్లాండ్ ఆమెకు రేటుతోపాటు మూడు ప్రశ్నలకు జవాబులు పంపిన. ఎరుపు కొంచెం దిగుతదని రాసిన, మొదటి ఉతుకు విడిగా ఉతకమని చెప్పిన. జవాబు ఇంకా రాలే.

సార్, ఒకటి అడుగుడు మరిచిన. లండన్ మెయిల్‌కు ఏమన్నా జవాబు ఇయ్యాల్నా, ఊకుండాల్నా?

సదానందం
ఊరుకో.

యాకూబ్
నన్నడిగితే 'పూర అడ్వాన్స్ పంపు' అని రాయమంట. ఏమంటడో చూద్దాం.