"వృథా సమయ వ్యత్యాసం" అంటే వృథా చేసింది ఎవరు?

కామర్స్ విద్యార్థిని: కాస్టింగ్ నోట్సులో "వృథా సమయ వ్యత్యాసం" అని ఒకటి, దాని పక్కనే "సామర్థ్య వ్యత్యాసం" అని ఇంకొకటి ఉన్నాయి. పనివాళ్లు సమయం వృథా చేస్తే అది సామర్థ్యం తగ్గడమే కదా, మళ్లీ రెండో పేరెందుకు? ఇచ్చిన లెక్క ఇది: 400 వస్తువులు తయారయ్యాయి, ఒక్కోదానికి ప్రమాణం 2 గంటలు, జీతం ఇచ్చింది 900 గంటలకి, అందులో 80 గంటలు కరెంటు లేక పని ఆగింది. ప్రామాణిక రేటు గంటకి 100. 800 గంటల్లో కావాల్సింది 900 పట్టింది కాబట్టి 10,000 ప్రతికూలం, అంతేగా?

పాత అకౌంటెంట్: మొత్తం 10,000 నిజమే, కానీ అదంతా ఒకరి నెత్తిన వేయకూడదు. కరెంటు లేని 80 గంటలూ పనివాళ్లు యంత్రం దగ్గరే ఉన్నారు, వాళ్లు చేయగలిగిందేమీ లేదు. ఆ 80 గంటల్ని 100తో గుణిస్తే వచ్చే 8,000 ఐడిల్ టైం వేరియన్స్, మీ నోట్సులో వృథా సమయ వ్యత్యాసం అన్నది ఇదే. నిజంగా పని చేసింది 820 గంటలు, చేయాల్సింది 800, ఆ 20 గంటల 2,000 మాత్రమే సామర్థ్యానిది. షాపులో ఫోర్‌మన్‌ని పిలిచి అడగాల్సింది ఈ 2,000 గురించే. "వృథా" అన్న మాట నాకూ నచ్చదు, వినగానే తప్పు పనివాళ్లదే అనిపిస్తుంది. "పని ఆగిన సమయం" అంటే సరిపోతుంది.

ఓవర్‌టైం బాధితుడు: మరి ఆ 80 గంటలకి జీతం కోత పెట్టొచ్చా అండీ? మా దగ్గర పెట్టారు.

పాత అకౌంటెంట్: అది జీతాల నిబంధనల సంగతండీ, ఇక్కడి ప్రశ్న అది కాదు. జీతం ఇవ్వకపోతే ఆ గంటలు 900లో ఉండేవే కావు, ఐడిల్ టైం అని లెక్క కట్టే పనీ ఉండేది కాదు.

సీఎంఏ చదువుతున్నాను: గుర్తు పెట్టుకోవడం తేలిక, ఐడిల్ టైం వేరియన్స్ ఎప్పుడూ ప్రతికూలమే. అనుకూలం అని వచ్చిందంటే ఎక్కడో లెక్క తప్పినట్టే.

పాత అకౌంటెంట్: ప్రమాణంలో ఆగుదలకి చోటు ఇవ్వనంతవరకే ఆ మాట నిజం. చాలా చోట్ల ఇంత శాతం పని ఆగుతుందని ముందే అనుకుంటారు. ఇదే లెక్కలో 5 శాతం మామూలే అనుకుందాం, జీతం రేటు గంటకి 95 అనుకుందాం. అప్పుడు 900 గంటల్లో 855 గంటలు పని జరగాలి, పని జరిగిన గంట ఖరీదు 95ని 0.95తో భాగిస్తే 100. జరిగింది 820 కాబట్టి 35 గంటలు తక్కువ, వ్యత్యాసం 3,500 ప్రతికూలం. సామర్థ్యం పాత 2,000 దగ్గరే ఉంటుంది. ఆగుదల 45 గంటల లోపే ఉండి ఉంటే అనుకూలం వచ్చేది, అందులో తప్పేమీ లేదు.

షాప్‌ఫ్లోర్ సూపర్‌వైజర్: కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. మా దగ్గర ఐడిల్ స్లిప్పు రాయాలంటే కారణం రాసి ఇద్దరి సంతకాలు తేవాలి. అందుకని సరుకు కోసం కూర్చున్న గంటల్ని కూడా ఏదో ఒక జాబ్ కార్డు మీద ఎక్కించేస్తారు. నెలాఖరున ఐడిల్ దాదాపు సున్నా, ఎఫిషియెన్సీ ఘోరం, తిట్లు మాకు.

పాత అకౌంటెంట్: మీరు చెప్పిందే అసలు జబ్బు. ఇప్పుడు చెప్పిన లెక్కలోనే 80 బదులు 30 గంటలే ఐడిల్ అని రాశారనుకోండి, పని చేసినవి 870 అవుతాయి. ఐడిల్ 1,500 అనుకూలం అయిపోతుంది, సామర్థ్యం 7,000 ప్రతికూలానికి దిగుతుంది. మొత్తం మాత్రం ముందూ 5,500, ఇప్పుడూ 5,500. మొత్తం కదలదు కాబట్టి పైన కూర్చున్నవాళ్లకి అనుమానం రాదు, కరెంటు గురించో సరుకు గురించో అడగాల్సింది పోయి పనివాళ్లకి ట్రైనింగ్ పెట్టిస్తారు. పట్టుకోవాలంటే గేటు హాజరు గంటల్లోంచి జాబ్ కార్డుల గంటలు తీసేసి, మిగిలినదాన్ని మెయింటెనెన్స్ వాళ్ల బ్రేక్‌డౌన్ రిజిస్టర్‌తో వారం వారం పోల్చాలి. యంత్రం ఆగిన వారంలోనే ఎఫిషియెన్సీ పడిపోయి, ఐడిల్ స్లిప్పులు లేవంటే గంటలు చోటు మారాయనే.

షాప్‌ఫ్లోర్ సూపర్‌వైజర్: ఒక బ్యాచ్ అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు యంత్రం సెట్టింగ్ మార్చే టైం ఏంటి మరి? ఆపరేటర్ ఖాళీగా లేడు, కానీ వస్తువూ రావడం లేదు.

పాత అకౌంటెంట్: ఆ 2 గంటల ప్రమాణం కట్టినప్పుడు సెట్టింగ్‌ని కలిపారా లేదా అన్నది చూడాలి. కలిపి ఉంటే అది సామర్థ్యంలోకే పోతుంది.

సీఎంఏ చదువుతున్నాను: కలపకపోతే ఐడిల్ అనేనా? పని చేస్తున్న మనిషిని ఐడిల్ అని ఎలా రాస్తాం సర్, దానికి వేరే పద్దు పెట్టాలి కదా.

షాప్‌ఫ్లోర్ సూపర్‌వైజర్: వేరే పద్దు పెడితే అన్నీ అందులోకే తోస్తారు, నేను చూశాను.

కామర్స్ విద్యార్థిని: ఇంకో డౌట్ సర్, ఆర్డర్లు లేక ఆగితే కూడా ఇదేనా?

పాత అకౌంటెంట్: లెక్క కట్టే పద్ధతి అదే. జవాబు చెప్పాల్సింది మాత్రం షాపు కాదు, అమ్మకాల విభాగం. అందుకే స్లిప్పు మీద గంటలతో పాటు కారణం రాయించాలని అంటాను.