మీల్ మేకర్ ఉడికించాలా, వేడినీళ్లలో నానబెడితే చాలా?

కొత్తచట్టి: 100 గ్రాముల మీల్ మేకర్‌ని వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, ఒకసారి గట్టిగా పిండి కూరలో వేస్తే అదే సోయా వాసన. ఉడికించాల్సిందేనా?

పోపులడబ్బా: ఉడికించాల్సిందే. లీటరున్నర నీళ్లు మసిలాక ఒక చెంచా ఉప్పు, మీల్ మేకర్ వేసి మూతపెట్టి పది నిమిషాలు. వాసనంతా ఉప్పే లాగేస్తుంది.

ఆవిరికుడుము: నీళ్ల కొలత బాగుంది. ఉప్పు మాత్రం ముక్కకి చప్పదనం పోవడానికే, వాసనకి కాదు. ఆ వాసన కొంత ఆవిరితో పోతుంది, మిగతాది పిండిన నీళ్లతో పోతుంది. మూతపెడితే ఆవిరి నీరై మళ్లీ గిన్నెలోకే దిగుతుంది. మూత లేకుండా మూడు నాలుగు నిమిషాలు మరిగించి, పొయ్యి ఆపి ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి. ముక్కలు పైకి తేలతాయి కాబట్టి మధ్యలో గరిటెతో ముంచుతుండాలి. ఒకటి కోసి చూడండి, నడిమిలో గట్టిగా తగిలితే ఇంకా నానలేదన్నట్టే.

కొత్తచట్టి గారి తేడా మాత్రం పిండడంలో ఉంది. ఒక్కసారి పిండితే లోపలి నీళ్లు పూర్తిగా మారవు. ముక్క స్పాంజిలాంటిది: చల్లనీళ్లలో ముంచి, నీళ్లలోనే నొక్కి వదిలితే కొత్త నీళ్లు పీలుస్తుంది. తర్వాత బయటికి తీసి రెండు అరచేతుల మధ్య పిండాలి. నీళ్లు మారుస్తూ ఇలా మూడుసార్లు. మొదటి నీళ్లు పసుపుపచ్చగా, నురగతో వస్తాయి. నురగ తగ్గేదాకా ఆపొద్దు.

చింతతొక్కు: ఇంత కష్టమెందుకండీ, రాత్రే నానబెట్టి పొద్దున పొట్టు తీసేస్తే వాసనే రాదు.

ఆవిరికుడుము: మీరు చెప్పేది సోయా గింజల సంగతి. మీల్ మేకర్ నూనె తీసిన సోయాపిండితో చేసేది, దానికి పొట్టెక్కడిది!

గరిటె: బిర్యానీకి మాత్రం ఉడికించడం నాకు నచ్చదు. తర్వాత దమ్‌లోనూ ఉడుకుతుంది కదా, ముక్క పీచుపీచుగా విడిపోతుంది. మసిలిన నీళ్లు పోసి 15 నిమిషాలు, మూడుసార్లు పిండడం, ఆపైన పెరుగు, అల్లంవెల్లుల్లి పట్టించి అరగంట. పెరుగు వాసన తీసేస్తుంది కూడా.

ఆవిరికుడుము: పెరుగు వాసనని కప్పుతుంది, తీయదు. పైగా పిండకుండా పెరుగులో వేస్తే ముక్క అప్పటికే నీళ్లతో నిండి ఉంటుంది, మసాలా పైపైనే ఆగిపోతుంది. దమ్ విషయంలో మీ మాట కాదనను. చిన్న సైజువైతే నేనూ మరిగించమని చెప్పను, రెండు నిమిషాలకే మెత్తబడతాయి. వాటిని పల్చటి గుడ్డలో మూటకట్టి పిండితే చిదిమిపోవు.

పోపులడబ్బా: మూత సంగతి సరే. పిండాక రెండు చెంచాల నూనెలో వేయిస్తే మిగిలిన వాసనా పోతుందంటాను.

ఆవిరికుడుము: పోతుంది, బాగా పిండి ఉంటేనే. తడి ఉంటే నూనె చిట్లుతుంది, ముక్క వేగే బదులు ఉడుకుతుంది.

కొత్తచట్టి: పొడి ముక్కలే ప్యాకెట్ విప్పగానే ముక్కిపోయిన వాసన కొడుతున్నాయి. ఇదీ పిండితే పోతుందా?

గరిటె: పోదు. అది పాత సరుకు, పారేయండి.