గోంగూర, పుంటికూర: వస్తు వివరణలో ఏ మాట ఎక్కడ రాయాలి?

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:
మా అమ్మ చేసే పచ్చడిని అమెజాన్‌లో అమ్మకానికి పెడుతున్నాను. మొదటి బుల్లెట్ పాయింటును "గోంగూర పచ్చడి, ఆంధ్ర గోంగూర, పుంటికూర తొక్కు, గోంగూర పికిల్, ఇంటి గోంగూర ఊరగాయ" అని రాశాను. చదువుతుంటే నాకే సంతలో కేకలా ఉంది. కానీ పుంటికూర అని వెతికే తెలంగాణ వారికి నా సీసా కనబడాలి కదా?

గుంటూరు సభ్యుడు:
పర్యాయపదాలు ఉండవలసిందే. గోంగూర అన్న మాట ఎన్నిసార్లు వస్తే అంత పైకి చూపిస్తారని కూడా విన్నాను.

వివరణలు రాసే వృత్తిలోని సభ్యురాలు:
మీ మొదటి మాట నిజమే గానీ రెండవది కాదు. వెతుకులాటకు మాట ఒక్కసారి దొరికితే చాలు. శీర్షికలో గోంగూర ఉన్నాక అదే మాటను పదే పదే రాసినందువల్ల పోయేది చదివేవారి ఓపికే. పుంటికూరను మాత్రం వాక్యంలో పని ఉన్న చోట కూర్చోబెట్టండి: "తెలంగాణలో పుంటికూర అని పిలిచే ఎర్ర గోంగూరను నువ్వుల నూనెలో మగ్గించి, ఎండుమిర్చితో రోట్లో నూరిన పచ్చడి." ఇందులో ప్రతి మాటా కొనేవారికి ఒక సంగతి చెబుతోంది. రెండవ పాయింటులో పులుపు, కారం ఎంతో చెప్పండి. మూడవదానిలో బరువు, మూత తీశాక ఎన్నాళ్లు నిలువ ఉంటుందో చెప్పండి. "అసలైన", "స్వచ్ఛమైన" వంటి విశేషణాలను తీసేసి చూడండి, అర్థం ఏమీ తగ్గకపోతే అవి అక్కడ అక్కరలేదు.

చీరల వ్యాపారి:
నూలు చీర వివరణలో, పట్టు కోసం వెతికేవారు కూడా చూస్తారని "సిల్క్" అని చేర్చాను. చూశారు, కొన్నారు, పట్టు కాదని తిప్పి పంపారు.

గుంటూరు సభ్యుడు:
అయితే మిగిలిన మాటలన్నీ కొనేవారికి కనబడని Search Terms గడిలో తెలుగులోనే నింపేస్తే సరిపోతుంది కదా?

వివరణలు రాసే వృత్తిలోని సభ్యురాలు:
ఆ గడి ఉన్నది అందుకే, కాని దాని పరిమితిని బైట్లలో లెక్కిస్తారు. తెలుగులో ఒక్కో గుర్తు, అంటే గుడి, కొమ్ము, సున్నాతో సహా, మూడు బైట్లు తీసుకుంటుంది. అందువల్ల "గోంగూర"కు 18 బైట్లు ఖర్చయితే gongura అన్న రూపానికి 7 చాలు. చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేస్తారు కాబట్టి gongura, puntikura వంటి రూపాలను అక్కడ ఉంచి, శీర్షికలో ఉన్నవాటిని మళ్లీ రాయకండి.

కరీంనగర్ సభ్యుడు:
పుంటికూర సరే, తొక్కు సంగతేమిటి? మా ఇంట్లో పుంటికూర తొక్కు అంటాం, పుంటికూర పచ్చడి అనం. శీర్షికలో పచ్చడి అని మాత్రమే ఉంటే అది మా వంటకం కాదేమో అనిపిస్తుంది.

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:
మా అమ్మ తొక్కు అంటే ఉడికించనిది అంటుంది. ఆమె మాటే నిజమైతే, ఆ పేరు పెట్టడం చీర మీద సిల్క్ అని రాసినట్టే అవుతుందేమో.

కరీంనగర్ సభ్యుడు:
మా వైపు నూనెలో మగ్గించినదాన్ని కూడా తొక్కే అంటాం.